చార్మినార్ వీధిలో బొమ్మల కొలువు!

వేలెడంత తోపుడు బండి. దాని మీద ఆవగింజల్లాంటి పళ్లు. పక్కనే రంగురంగుల గొడుగులు... అగ్గిపుల్లల్లా నిలబడ్డ మనుషులు. వాళ్ల వెనక అట్టముక్కతో చేసి అతికించినట్టున్న ఓ కమాను! ఎవరో ఓపిగ్గా కూర్చుని పేర్చిన బొమ్మల కొలువు అనుకుంటాం. కాదు... అది నిజమైన వీధి, నిజమైన జనం. ఫొటోలో ఎక్కడ స్పష్టంగా ఉండాలో, ఎక్కడ మసకబారాలో కాస్త మార్చి, రంగులు కాస్త పెంచితే నగరం నగరమంతా బొమ్మైపోతుంది. దీన్నే టిల్ట్-షిఫ్ట్ మినియేచర్ అంటారు.

ఫోన్లో ఓ ఆప్ తెరిచి, మీట నొక్కి, పైనా కిందా మసక చేసేస్తే సరిపోదా అంటారా? చాలామంది చేసేది అదే. అందుకే చాలా ఫొటోలు బొమ్మల్లా కాకుండా, తడిచేత్తో తుడిచిన అద్దంలోంచి చూసినట్టు ఉంటాయి. అసలు మసక చూస్తే మనకు బొమ్మ ఎందుకు గుర్తొస్తుందో తెలిస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

కన్ను ఎందుకు మోసపోతుందంటే...

మీ చూపుడువేలిని ముఖానికి జానెడు దూరంలో పెట్టి దాన్నే చూడండి. వెనకున్న గోడ, తలుపు అన్నీ మసకబారతాయి. ఇప్పుడు కిటికీలోంచి వీధి చివరున్న చెట్టును చూడండి. చెట్టూ, దాని ముందున్న ఇల్లూ, వెనకున్న మేడా... అన్నీ ఒకేలా స్పష్టంగా ఉంటాయి. దగ్గరి వస్తువును చూసేటప్పుడు స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ, దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు చాలా ఎక్కువ. ఈ లెక్కను మన మెదడు చిన్నప్పటి నుంచీ వంట పట్టించుకుంది.

కెమెరాదీ అదే తీరు. 50 మిల్లీమీటర్ల లెన్సును పెద్ద సెన్సరున్న కెమెరాకు తగిలించి, ఎపర్చర్ ఎఫ్/4 దగ్గర ఉంచి, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి బొమ్మను ఫొటో తీశామనుకుందాం. స్పష్టంగా వచ్చే లోతు ఒక్క సెంటీమీటరు కూడా ఉండదు. బొమ్మ ముక్కు స్పష్టంగా ఉంటే వీపు మసక! అదే లెన్సుతో, అదే ఎపర్చర్‌తో 100 మీటర్ల దూరంలోని భవనాన్ని తీస్తే దాదాపు 17 మీటర్ల నుంచి దిగంతం దాకా అంతా స్పష్టమే.

కాబట్టి ఓ వీధి ఫొటోలో సన్నటి పట్టీ మాత్రమే స్పష్టంగా ఉండి, దాని ముందూ వెనకా మసకగా ఉంటే మెదడు ఏమనుకుంటుంది? 'ఇంత తక్కువ లోతు ఉందంటే ఇదేదో చేతికందే దూరంలో ఉన్నట్టే. చేతికందే దూరంలో ఉండీ ఇంత చిన్నగా కనిపిస్తోందంటే ఇది బొమ్మే' అని తేల్చేస్తుంది.

అమెరికాలోని బర్క్‌లీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఈ సంగతినే పరీక్షించారు. నగర దృశ్యాలకు రకరకాలుగా మసకను జోడించి జనానికి చూపించారు. దృశ్యంలో దూరం ఏ దిశలో పెరుగుతోందో మసక కూడా ఆ దిశలోనే మారినప్పుడు అవి చిన్నవిగా కనిపించాయి. దూరంతో సంబంధం లేకుండా అడ్డదిశలో మసకను మార్చినప్పుడు ఆ ప్రభావం బాగా తగ్గిపోయింది. అంటే, మసక ఎంత ఉందన్నదొక్కటే కాదు... అది దూరాన్ని అనుసరించిందా లేదా అన్నదే అసలు కిటుకు!

పేరు ఎక్కడిది?

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ పని లెన్సుతోనే జరిగేది. మామూలు లెన్సు సెన్సర్‌కు ఎదురుగా నిటారుగా ఉంటుంది. దాన్ని కాస్త వంచితే... అదే టిల్ట్... స్పష్టంగా కనిపించే తలం కూడా వాలిపోతుంది. ఈ సూత్రానికి ఆస్ట్రియా సైన్యంలో అధికారిగా పనిచేసిన థియోడర్ షైమ్‌ఫ్లుగ్ పేరు స్థిరపడింది. గాల్లోంచి తీసిన ఫొటోల్లో వంకరలు సరిచేయడం కోసం ఆయన 1904లో పేటెంట్ తీసుకున్నారు. ఇక షిఫ్ట్ అంటే లెన్సును పక్కకో పైకో జరపడం. ఎత్తయిన భవనాలు వెనక్కి వాలినట్టు పడకుండా అది ఆదుకుంటుంది. బొమ్మలా కనిపించడానికి మాత్రం టిల్టే కారణం, షిఫ్ట్‌కు అందులో పాత్ర లేదు. రెండూ ఒకే లెన్సులో ఉంటాయి కాబట్టి జంటపేరు నిలిచిపోయింది.

నిజానికి ఈ లెన్సులు తయారైంది భవనాలనూ వస్తువులనూ చక్కగా తీయడానికి. వాటిని తిరగేసి వాడి, రోమ్ లాంటి నగరాలను హెలికాప్టర్‌లోంచి తీసి బొమ్మల్లా చూపించిన ఇటలీ ఫొటోగ్రాఫర్ ఒలీవో బార్బియేరి 2000ల మొదట్లో ఈ పద్ధతికి పేరు తెచ్చారు. ఇలాంటి లెన్సు కొత్తది కొనాలంటే లక్ష రూపాయలు కూడా దాటొచ్చు. అదే పనిని జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు ఫొటో కుదరాలి

అన్ని ఫొటోలూ బొమ్మలు కావు. బొమ్మల కొలువును మనం నిలబడి, పైనుంచి కిందికి చూస్తాం. కాబట్టి ఫొటో కూడా పైనుంచే తీసి ఉండాలి. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు, కొండ మీది గుడి మెట్లు, రైల్వేస్టేషన్ పాదచారుల వంతెన... ఏదైనా సరే. రోడ్డు మీద నిలబడి మనుషుల ముఖాల ఎత్తులో తీసిన ఫొటోను ఎంత మసక చేసినా బొమ్మవదు.

మామూలుగా ఫొటోగ్రాఫర్లు మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దంటారు. ఇక్కడ మాత్రం ఆ ఎండే ముద్దు! బల్లమీది బొమ్మల పైన ఒక్క దీపం వెలుగుతున్నట్టు నీడలు గీసినట్టు పడతాయి. ఆకాశం తక్కువగా, నేల ఎక్కువగా ఉండేలా చూసుకోవాలి. జనం మరీ కిక్కిరిసి ఉంటే ఎవరూ విడిగా కనిపించరు. మధ్యమధ్యలో ఖాళీ నేల ఉంటేనే ఒక్కో మనిషీ ఒక్కో బొమ్మలా తేలతాడు.

ఉదాహరణకు హైదరాబాద్‌నే తీసుకుందాం. చార్మినార్ మొదటి అంతస్తు వసారా దాకా సందర్శకులు ఎక్కొచ్చు. అక్కడినుంచి ఉత్తరంగా చూస్తే కింద పాతబస్తీ సందడి, కొంచెం దూరంలో గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమానుల్లో మనకు దగ్గరగా ఉండే చార్మినార్ కమాను కనిపిస్తాయి. అలాంటి ఓ ఫొటో మన దగ్గర ఉందనుకుందాం. కింది సగమంతా వీధి, జనం, బళ్లు. కాస్త పైన కమాను పాదం. అక్కడి నుంచి ఫొటో పై అంచుకు దగ్గరగా దాని తల. ఈ పనిలో వచ్చే అసలు చిక్కు ఈ ఒక్క ఫొటోలోనే ఉంది. అదేంటో చేస్తూ చూద్దాం.

మొదట రంగు

ఫొటోను జింప్‌లో తెరిచి Image → Scale Image తో వెడల్పు 2000, ఎత్తు 1500 పిక్సెళ్లకు తగ్గించండి. ఇకపై చెప్పే పిక్సెళ్ల లెక్కలన్నీ ఈ కొలతకే. ఫొటో రెండింతలు పెద్దదైతే పిక్సెళ్లలో ఇచ్చిన అంకెలనూ రెండింతలు చేసుకోవాలి. అసలు ఫొటోను ముట్టుకోకుండా వేరే పేరుతో దాచుకోవడం మరిచిపోకండి.

మసకకన్నా ముందు రంగుల పని పూర్తిచేయాలి. తర్వాత తీసుకునే నకళ్లన్నిటికీ ఒకే రంగు ఉంటుంది కాబట్టి ఎక్కడా అతుకు తెలియదు. రంగెందుకు పెంచాలంటే... దూరంగా ఉన్నవాటికీ మనకూ మధ్య బోలెడంత గాలి, దుమ్ము, పొగ ఉంటాయి. అవి వెలుగును చెదరగొట్టి రంగులను పాలిపోయేలా చేస్తాయి. చేతికందే దూరంలోని బొమ్మకు ఆ పొర ఉండదు. పైగా బొమ్మలకు వేసేవి ముదురు రంగులు.

Colors → Hue-Saturation తెరిచి Saturation ను 30 నుంచి 40 దాకా జరపండి. తర్వాత Colors → Curves లో గీత కింది భాగాన్ని కాస్త కిందికీ, పై భాగాన్ని కాస్త పైకీ లాగితే నీడలు చిక్కబడి వెలుగులు తేరుకుంటాయి. ఎక్కడ ఆగాలో ఎర్రరంగే చెబుతుంది. ఎర్రగొడుగు మడతలు, ఎర్రచీర కుచ్చిళ్లు కనిపించకుండా ఒకే ముద్దలా మారాయంటే హద్దు దాటినట్టే. అప్పుడు మొత్తం రంగును తగ్గించాల్సిన పనిలేదు. అదే Hue-Saturation లో R ను ఎంచుకుని ఆ ఒక్క రంగునూ వెనక్కి లాగితే చాలు.

తర్వాత మసక... రెండు పొరలు

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేసేది. ఫొటోకు ఒక నకలు తీసి, దాన్ని బాగా మసక చేసి, అసలు ఫొటో మీద క్రమంగా తేలేలా పెడతారు. బాగా మసక ఉన్నచోట ఇబ్బంది లేదు. కానీ మధ్యలో, సగం అసలు ఫొటో సగం మసక ఉన్నచోట, దుకాణం బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా కనిపిస్తూనే వాటి చుట్టూ పొగ కమ్ముకుంటుంది. నిజమైన లెన్సు అలా చేయదు. అది అక్షరాలనే కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. దీనికి విరుగుడు, కొంచెం మసక ఉన్న పొర ఒకటి, ఎక్కువ మసక ఉన్న పొర ఒకటి పెట్టుకోవడం.

ఫొటో పొరకు Layer → Duplicate Layer తో రెండు నకళ్లు తీయండి. మధ్య పొరకు Filters → Blur → Gaussian Blur లో Size X, Size Y రెండూ 3 ఇవ్వండి. పై పొరకు 9 ఇవ్వండి. ఇప్పుడు ఒక్కో పొరకూ Layer → Mask → Add Layer Mask తో తెల్లటి మాస్కు తగిలించండి. (జింప్ వెర్షన్‌ను బట్టి ఈ పేర్ల చివర చిన్న తేడాలు ఉండొచ్చు.) మాస్కు అంటే మరేం లేదు. దాని మీద తెలుపున్న చోట ఆ పొర కనిపిస్తుంది, నలుపున్న చోట మాయమవుతుంది, బూడిదరంగున్న చోట పాక్షికంగా కనిపిస్తుంది.

మన ఫొటోలో కమాను పాదం పై అంచు నుంచి 600 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. బాణం గుర్తు ఎక్కడుందో కిటికీ అడుగున అంకెల్లో కనిపిస్తుంటుంది కాబట్టి కొలవడం సులువే. కమాను పాదమూ దాని ముందు నిలబడ్డ బళ్లూ స్పష్టంగా ఉండాలి. అంటే 550 నుంచి 750 దాకా మన స్పష్టమైన పట్టీ, దాని నడుమ గీత 650.

కీబోర్డు మీద D నొక్కితే ముందురంగు నలుపు, వెనకరంగు తెలుపు అవుతాయి. Gradient పనిముట్టు తీసుకుని FG to BG (RGB) ఎంచుకుని, Shape దగ్గర Bi-linear పెట్టండి. ఇది నడుమ నుంచి పైకీ కిందికీ ఒకేలా పరుచుకుంటుంది. మధ్య పొర మాస్కును ఎంచుకుని Offset 33 దగ్గర ఉంచి, 650 దగ్గర నొక్కి నిటారుగా 950 దాకా లాగండి. పై పొర మాస్కుకు Offset 43 పెట్టి, 650 నుంచి 1350 దాకా లాగండి. లాగేటప్పుడు Ctrl పట్టుకుంటే గీత వంకరపోదు. మొదటి మసక పూర్తయ్యే చోట రెండోది మొదలవుతుంది. పట్టీ నుంచి అంచు దాకా మెట్లు తెలియకుండా కరిగిపోతుంది.

ఇలా సమానంగా పెంచుకుంటూ పోవడం ఏదో అందాజుగా చేసేది కాదు సుమా. పైనుంచి చూసినప్పుడు చదునైన నేల మీద నిజమైన లెన్సు కూడా ఫొటోలో పట్టీకి ఎంత ఎడంగా జరిగితే అంత లెక్కగా మసకను పెంచుతుంది. కాబట్టి నేల వరకూ మనం చేసింది నికార్సైన పనే. చిక్కల్లా నేల మీద నిటారుగా లేచినవాటితోనే!

కమాను తల మబ్బులో...

ఇప్పుడు ఫొటోను ఓసారి చూడండి. కమాను పాదం స్పష్టంగా ఉంది. పైకి పోయేకొద్దీ మసకబారి, తల మబ్బులో దూరినట్టుంది. కమాను తల మన కంటికి ఇంచుమించు పాదమంత దూరంలోనే ఉంటుంది కదా... మరి పాదం స్పష్టంగా ఉండి తల మసకగా ఎలా ఉంటుంది? మెదడు ఈ తేడాను ఇట్టే పట్టేస్తుంది. 'ఎక్కడో తేడా ఉంది' అనిపిస్తుంది గానీ ఎక్కడో చెప్పలేం. బొమ్మ భ్రమ అక్కడితో చెదిరిపోతుంది.

గ్రాడియెంట్‌కు ఫొటోలో ఎత్తు మాత్రమే తెలుసు, దూరం తెలియదు. ఆ సంగతి మనమే చెప్పాలి. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఏ వస్తువుకైనా పాదం దగ్గర ఎంత మసక ఉందో తల దాకా అంతే మసక ఉండాలి. కమానుకే కాదు... కరెంటు స్తంభం, మినార్, చెట్టు, మేడ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

Free Select పనిముట్టుతో కమాను అంచుల వెంబడి గీసుకుంటూ వెళ్లి మొదలైన చోటికి వచ్చి కలపండి. Select → Feather లో 3 ఇస్తే అంచు మరీ కత్తిరించినట్టు ఉండదు. తర్వాత మధ్య పొర మాస్కును ఎంచుకుని Edit → Fill with FG Color తో నలుపు నింపండి. పై పొర మాస్కుకూ అలాగే. అంతే... కమాను పాదం నుంచి తల దాకా స్పష్టంగా నిలబడుతుంది. దాని వెనకున్నవి మాత్రం మసకలోనే ఉంటాయి.

పట్టీకి ముందో వెనకో ఉన్న స్తంభానికైతే నలుపు కాదు. మాస్కు మీద దాని పాదం దగ్గర ఏ బూడిదరంగు ఉందో స్తంభమంతా అదే నింపాలి. నాలుగైదు పెద్ద వస్తువులకు చేస్తే సరిపోతుంది. నిలబడ్డ మనుషుల ఎత్తు ఫొటోలో చాలా తక్కువ కాబట్టి తల, పాదాల మధ్య తేడా తెలియదు. వాళ్లను వదిలేయొచ్చు.

ఇంకో చిన్న చిక్కు మిగిలింది. స్పష్టమైన కమాను చుట్టూ దాని రంగే ఆకాశంలోకి చిందినట్టు సన్నటి వెలుగు కనిపిస్తే కంగారుపడకండి. మసక చేసినప్పుడు పై పొరల్లోని కమాను రంగు పక్కకు పాకడం వల్ల వచ్చిందది. అది రాకూడదంటే నకళ్లు తీసిన వెంటనే, మసక చేయకముందే, ఆ రెండు నకళ్లలోనూ Clone పనిముట్టుతో పక్కనున్న ఆకాశాన్నీ మేడలనూ తెచ్చి కమాను అంచుల లోపలికి కప్పేయాలి. పైపైన కప్పినా చాలు, ఎలాగూ మసకబారేదే కదా. తర్వాత మసక చేస్తే చిందడానికి అక్కడ కమానే ఉండదు.

ఫోన్లో అయితే?

స్నాప్‌సీడ్ లాంటి ఆప్‌లో Lens Blur తెరిచి, గుండ్రటి ఆకారం బదులు అడ్డపట్టీని ఎంచుకుంటే నేల వరకూ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. Blur Strength తో మసకనూ, Transition తో అది ఎంత నెమ్మదిగా పెరగాలో మార్చుకోవచ్చు. నగర దృశ్యానికి గుండ్రటి మసక పనికిరాదు. పట్టీకి ఎడమ, కుడి పక్కల ఉన్న బళ్లు కూడా అంతే దూరంలో ఉంటాయి కదా, అవెందుకు మసకబారాలి?

కాబట్టి ఫోన్లోనే చేసేద్దామనుకుంటే అందుకు తగ్గ ఫొటో వెతుక్కోవడమే తెలివి. ఎత్తు నుంచి బాగా కిందికి తీసిన కూరగాయల మార్కెట్, బీచ్, ఆటస్థలం, పడవల రేవు... వీటిలో పట్టీని చీల్చుకుని పైకి లేచేవి ఉండవు. కమానులూ గోపురాలూ ఉన్న ఫొటోను మాత్రం కంప్యూటర్ కోసం అట్టేపెట్టుకోండి.

బొమ్మ కుదిరిందా?

* పూర్తయిన ఫొటోను ముందు చిన్నదిగా చేసి చూడండి. ఒక్క చూపుకే బొమ్మ అనిపించాలి. మసకే ముందు కంటపడుతుంటే పై పొరకు ఇచ్చిన 9ని 7కు తగ్గించండి.

* ఎత్తయిన ప్రతి కట్టడాన్నీ పాదం నుంచి తల దాకా చూడండి. మధ్యలో స్పష్టత మారితే అక్కడ మాస్కు సరిచేయాలి.

* మసకలో ఉన్న బోర్డుల మీద అక్షరాలు చదవగలుగుతున్నారా? అయితే రెండు పొరల్లో ఏదో ఒకటి తన చోట సరిగా పనిచేయడం లేదు.

* ఫొటో తీసేటప్పుడు కెమెరా ఓ పక్కకు ఒరిగి ఉంటే ముందు దాన్ని Rotate తో సరిచేయండి. నేల ఒరిగి ఉండి పట్టీ అడ్డంగా ఉంటే రెండూ పొసగవు.

* ఇంట్లో ఎవరికైనా ఏమీ చెప్పకుండా చూపించండి. 'ఈ బొమ్మలు ఎక్కడ కొన్నారు?' అని అడిగారంటే... మీ పని పండినట్టే!